డాలస్‌లో గట్టిమేళం ఎప్పుడు మోగింది?

తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి 9 గంటల 47 నిమిషాలకు. ఆ వేళకి డాలస్‌లో పగలు 11 గంటల 17 నిమిషాలు. వదిన పురిటికని వెళ్లి అక్కడే ఉండిపోయిన మా పెద్దమ్మ, అన్నయ్య, వదిన ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. పళ్లెంలో అక్షింతలు సిద్ధంగా పెట్టుకున్నారు. పెళ్లిని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చే పని నాది. ఎందుకైనా మంచిదని అన్నయ్య ఫోన్ కూడా కలిపి ఉంచాడు. అటు వాళ్ల స్పీకర్, ఇటు నా జేబులో నా ఫోన్.

పురోహితుడు చెయ్యి ఎత్తాడు. గట్టిమేళం మోగింది. అడ్డుతెర దిగింది. జీలకర్ర, బెల్లం పెట్టారు. మేళం చప్పుడు ఫోన్లోంచి వినగానే పెద్దమ్మ లేచి టీవీ మీదికి అక్షింతలు చల్లేసింది. టీవీలో మాత్రం ఇంకా తెర పట్టుకునే ఉన్నారు.

"ఒరేయ్, ఇక్కడ ఇంకా తెర దించలేదురా! మీ దగ్గర అయిపోయిందా?" అన్నాడు అన్నయ్య.

"అయిపోయింది అన్నయ్యా. మీకు ఇప్పుడు వస్తుంది, చూస్తూ ఉండండి."

అసలు ఘట్టం టీవీలో వచ్చేసరికి మరో పాతిక సెకన్లు పట్టింది. అప్పటికి పళ్లెం ఖాళీ. "ముహూర్తం దాటాక చూసినట్టయింది" అని పెద్దమ్మ నొచ్చుకుంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నా లాప్‌టాప్ మీద అంతా సరిగ్గానే కనబడింది. కెమెరాలో తెర దిగినప్పుడే నా స్క్రీన్ మీదా దిగింది. మరి ఆ పాతిక సెకన్లు ఎక్కడ పోయాయి?

యూట్యూబ్ లైవ్ కంట్రోల్ రూమ్‌లో Stream latency అనే అమరిక ఒకటి ఉంది. అందులో ఉన్నవి మూడే: Normal latency, Low latency, Ultra low-latency. లేటెన్సీ అంటే ఇక్కడ జరిగినది అక్కడ కనబడటానికి పట్టే ఆలస్యం. మన మాటల్లో మామూలు, తక్కువ, అతి తక్కువ అనుకుందాం. పేర్లు వింటే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: అతి తక్కువ దొరుకుతుంటే మామూలు ఎందుకు? నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట ఎంత ఖరీదైనదో రెండో పెళ్లిలో తెలిసింది. ముందు ఆ పాతిక సెకన్ల సంగతి చూద్దాం.

కెమెరా బొమ్మ కేబుల్ ద్వారా లాప్‌టాప్‌లోని ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌కి వస్తుంది. ఓబీఎస్ దాన్ని కుదించి ఇంటర్నెట్ మీదుగా యూట్యూబ్ సర్వర్‌కి పంపుతుంది. ఇక్కడి దాకా పట్టేది చాలా కొద్ది సమయమే. అసలు ఆలస్యమంతా ఆ తర్వాతే. ఒకరు పెద్ద టీవీలో చూస్తారు, ఇంకొకరు బస్సులో ఫోన్లో చూస్తారు కాబట్టి యూట్యూబ్ ఒకే వీడియోని 1080, 720, 480, 360 అని రకరకాల సైజుల్లో మళ్లీ తయారు చేస్తుంది. తయారైనదాన్ని కుళాయి ధారలా కాకుండా ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఒక్కో ముక్కలో కొన్ని సెకన్ల వీడియో ఉంటుంది.

టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ వాయి లాంటిది ఇది. వాయి దిగితే గాని వడ్డించలేం. ఒక్కో వాయి పెద్దదైతే, అందులో మొదటి ఇడ్లీ ఉడికిపోయినా పాత్ర దించే దాకా ఆగాల్సిందే. వీడియో ముక్క కూడా అంతే. 5 సెకన్ల ముక్క అనుకుంటే, అందులో మొదటి క్షణం దృశ్యం మిగతా 5 సెకన్లూ పూర్తయ్యే దాకా బయటికి రాదు.

ఇక వడ్డించే చోట ఇంకో లెక్క. రద్దీగా ఉండే టిఫిన్ సెంటర్ వాడు వాయి దిగగానే ఉన్నదంతా పంచేయడు. హాట్‌ప్యాక్‌లో రెండు మూడు వాయిలు నిలవ ఉంచుకుంటాడు. గ్యాస్ అయిపోయి సిలిండర్ మార్చే లోపల కూర్చున్నవాళ్లు ఖాళీ విస్తరి ముందు ఎదురుచూడకూడదు కదా. చూసేవాళ్ల ఫోన్లో, టీవీలో ఉండే ప్లేయర్ కూడా అదే పని చేస్తుంది. రాబోయే కొన్ని సెకన్ల వీడియోని ముందే దించుకుని దగ్గర పెట్టుకుంటుంది. దాన్నే బఫర్ అంటారు. నెట్ కాసేపు ఆగినా ఆ నిలవలోంచి చూపిస్తూ ఉంటుంది. కాకపోతే నిలవ ఎంత ఎక్కువగా ఉంటే మన కంచంలోకి వచ్చే ఇడ్లీ అంత ముందు వండినదవుతుంది.

లెక్క కోసం మామూలు అమరికలో ముక్క 5 సెకన్లు, ప్లేయర్ దగ్గర మూడు ముక్కల నిలవ అనుకోండి. ముక్క తయారవడానికి 5, నిలవ 15, యూట్యూబ్‌లో సైజులు మార్చడానికి, దారిలో ప్రయాణానికి మరికొన్ని సెకన్లు. మొత్తం పాతికకి దగ్గరగా వస్తుంది. అతి తక్కువ అమరికలో ముక్క ఒక్క సెకను, నిలవ రెండు సెకన్లు అనుకుంటే అన్నీ కలిపి 4 సెకన్ల లోపే. అసలు అంకెలు చూసేవాళ్ల నెట్‌ని బట్టి, పరికరాన్ని బట్టి మారతాయి గానీ, మార్పు వచ్చే తీరు ఇదే. ఎక్కువ మందికి తక్కువ అమరికలో 10 సెకన్ల లోపు, అతి తక్కువలో 5 సెకన్ల లోపు ఆలస్యం ఉంటుందని యూట్యూబ్ చెబుతుంది. మామూలుకి అలాంటి హామీ అంకె లేదు. నేను కొలిచినప్పుడల్లా 20 నుంచి 30 సెకన్ల మధ్య వచ్చింది.

కాబట్టి ఈ అమరిక నెట్ వేగం పెంచేది కాదు. చూసేవాళ్ల హాట్‌ప్యాక్ ఎంత పెద్దదో నిర్ణయించేది. చాలామంది పొరబడేది ఇక్కడే. Ultra అన్న మాట చూసి వీడియో వేగంగా, మెరుగ్గా వస్తుందనుకుంటారు. వచ్చేది ముందుగా, అంతే. మెరుగ్గా రాదు. పైగా కొన్ని వదులుకోవాలి కూడా. అతి తక్కువ అమరికలో 1080 కంటే పై సైజు దొరకదు. 4కే కావాలంటే మామూలులోనే ఉండాలి. అతి తక్కువలో క్యాప్షన్లు కూడా పనిచేయవని యూట్యూబ్ డెవలపర్ పత్రాల్లో ఉంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్లు చూసే ప్రసారమైతే ఆ ఒక్క కారణం చాలు, దాని జోలికి వెళ్లకుండా ఉండటానికి.

ఏడాది తర్వాత ఖమ్మంలో మా బాబాయి కొడుకు పెళ్లి. తెనాలి తప్పు మళ్లీ జరగకూడదని ఈసారి Ultra low-latency పెట్టాను. మధ్యాహ్నం ఖాళీ హాల్లో పరీక్ష చేస్తే డాలస్‌కి 4 సెకన్లే. పెద్దమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. "ఈసారి మీతో పాటే వేస్తానురా" అంది.

రాత్రికి హాలు నిండింది. నా లైవ్ నడుస్తున్నది 4జీ రూటర్ మీద. వచ్చిన ఆరేడు వందల మంది ఫోన్లకీ నా రూటర్‌కీ ఆధారం దగ్గర్లోని అదే టవర్. ముహూర్తం దగ్గరపడే కొద్దీ అందరూ ఫోన్లు పైకెత్తారు. వీడియో కాల్స్ చేసేవాళ్లు కొందరు, అక్కడికక్కడే స్టేటస్ పెట్టేవాళ్లు ఇంకొందరు. నా రూటర్ నుంచి పోయే వీడియో నిలకడ తప్పింది. రెండు సెకన్లు ఆగడం, మళ్లీ ఒక్కసారిగా పోవడం, మళ్లీ మూడు సెకన్లు ఆగడం. ఓబీఎస్ కింది వరుసలో Dropped Frames అంకె పెరుగుతోంది.

తెనాలిలో ఇలాంటి కుదుపులు ఎన్ని వచ్చాయో నాకు తెలియదు. వచ్చినా చూసేవాళ్లకి తెలియవు. పదిహేను సెకన్ల నిలవ ఉన్నవాడికి మూడు సెకన్ల కరువు ఒక కరువే కాదు. ఖమ్మంలో మాత్రం డాలస్ ప్లేయర్ దగ్గర ఉన్నది రెండు సెకన్ల సరుకు. నా రూటర్ మూడు సెకన్లు ఆగిన ప్రతిసారీ వాళ్ల టీవీ మీద గుండ్రం తిరిగింది. సరిగ్గా తెర దించే ముందు మూడోసారి ఆగింది. అన్నయ్యకి ఓపిక పోయి వీడియో మూసి మళ్లీ తెరిచాడు. అది తెరుచుకునేసరికి పది పన్నెండు సెకన్లు గడిచాయి. తెరిచాక ప్లేయర్ నేరుగా తాజా క్షణానికి వెళ్లింది. అప్పటికి వధూవరులు ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టుకుని ఉన్నారు. తెర దిగిన క్షణం వాళ్లకి దక్కనే లేదు. తెనాలిలో ఆలస్యంగా వచ్చిన క్షణం, ఖమ్మంలో అసలు రాలేదు.

ఆ రోజు ముహూర్తాన్ని నిండుగా, ఒక్క తడబాటు లేకుండా చూసినది హైదరాబాద్‌లో ఉన్న మా అత్తయ్య. కారణం విన్నాక నాకు ఈ విషయం మొత్తం తేటపడింది. అంతకు కాస్త ముందు ఎవరో తలుపు కొడితే ఆవిడ వీడియో ఆపి వెళ్లింది. అర నిమిషం తర్వాత వచ్చి, ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టింది. అంటే ఆవిడ అందరికంటే అర నిమిషం వెనక ఉంది. ఆ అర నిమిషం సరుకు అప్పటికే యూట్యూబ్ దగ్గర తయారై ఉంది కాబట్టి ఆవిడ ఫోన్ తీరిగ్గా ముందే దించుకోగలిగింది. నేను పెట్టిన అతి తక్కువ అమరికని ఆవిడ తెలియకుండానే తనకి మామూలుగా మార్చుకుంది.

వీడియో కింద LIVE అన్న మాట పక్కన ఎర్ర చుక్క కనబడుతుంది. మనం వెనకబడితే ఆ ఎరుపు పోయి బూడిద రంగు వస్తుంది. దాన్ని నొక్కితే తాజా క్షణానికి దూకుతాం. దూకేటప్పుడు మధ్యలో ఉన్నదంతా వదిలేస్తాం, ఆ సంగతి చాలామంది గమనించరు. గుండ్రం తిరిగి ఆగినప్పుడు కంగారుగా LIVE నొక్కడం కంటే ఊరుకోవడమే మేలు. మామూలుగా వీడియో ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. కొన్ని సెకన్లు వెనకబడతాం గానీ ఏదీ పోగొట్టుకోం.

ఇక ప్రసారం చేసేవాడి వైపు. నా లాప్‌టాప్‌లో ఆ రెండు రోజులూ అంతా బాగున్నట్టే ఎందుకు కనబడింది? నా ఎదురుగా ఉన్న కిటికీలు ఒక్కోటి ఒక్కో కాలంలో ఉన్నాయి. ఓబీఎస్ చూపించే బొమ్మ కెమెరా నుంచి నేరుగా వచ్చేది, దానికి యూట్యూబ్‌తో పని లేదు. నెట్ మొత్తం తెగిపోయినా అది హాయిగా ఆడుతూనే ఉంటుంది. యూట్యూబ్ కంట్రోల్ రూమ్‌లో కనబడే బొమ్మ మాత్రం యూట్యూబ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చినది. అది చూసేవాళ్ల ఆలస్యానికి కొంచెం దగ్గర. కానీ అదీ నా నెట్‌లో, నా కంప్యూటర్‌లో కనబడేదే, డాలస్‌లోని టీవీలో కనబడేది కాదు. కంట్రోల్ రూమ్‌లో ప్రసారం ఆరోగ్యం గురించి Excellent అని పచ్చగా వచ్చే మాటనీ అలాగే చూడాలి. నా దగ్గర్నుంచి యూట్యూబ్‌కి సరుకు సరిగ్గా చేరుతోందా లేదా అన్నదే అది చెబుతుంది. యూట్యూబ్ నుంచి చూసేవాళ్లకి చేరుతోందో లేదో దానికి తెలియదు. "నా వైపు బాగానే ఉంది, మీ నెట్ చూసుకోండి" అని ఎంతమందికి చెప్పానో తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. అందులో సగం సార్లు తప్పు నేను ఎంచుకున్న అమరికదే అయ్యుంటుంది.

పెళ్లిలో చూసేవాళ్లు తిరిగి మాట్లాడరు. మాట్లాడేచోట ఆలస్యం ఇంకో రూపం తీసుకుంటుంది. గుంటూరులో పోటీ పరీక్షల పిల్లలకి రాత్రిపూట యూట్యూబ్‌లో పాఠం చెప్పే మాస్టారొకరు నాకు పరిచయం. ఓసారి ఫోన్ చేసి, "ప్రశ్న అడిగితే ఒక్కడూ జవాబు చెప్పట్లేదండీ. సమయం అయిపోయిందన్నాక కుప్పలుగా పెడుతున్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారేమో" అన్నారు. పిల్లల్నీ అడిగి చూశాను. వాళ్లేమో, "సారు మా జవాబులు చూడకుండానే వెళ్లిపోతారు" అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. గడియారం పెట్టుకుని చూస్తే గాని అది అర్థం కాదు.

ఆయన అమరిక మామూలు, ఆలస్యం 25 సెకన్లు. మాస్టారు 7 గంటల 10 నిమిషాలకి ప్రశ్న అడిగి 20 సెకన్ల గడువు ఇచ్చారు. 20వ సెకనుకి "సమయం అయిపోయింది" అన్నారు. ఆ క్షణానికి ఒక్క పిల్లాడు కూడా ఆ ప్రశ్న విననే లేదు. వాళ్లకి అది వినబడేది 25వ సెకనుకి. చురుకైన పిల్ల పది సెకన్లలో ఆలోచించి 35వ సెకనుకి జవాబు పెట్టింది. చాట్ వీడియోలా ముక్కలై, నిలవై రాదు. అక్షరాలే కాబట్టి సెకను, రెండు సెకన్లలో చేరిపోతుంది. 36వ సెకనుకి మాస్టారు తెర మీద ఆ జవాబు కనబడింది. ఆయన లెక్కలో గడువు దాటి పదహారు సెకన్లైంది. ఆ పిల్ల లెక్కలో మాత్రం ఇంకా పది సెకన్లు మిగిలి ఉన్నాయి, ఎందుకంటే "సమయం అయిపోయింది" అన్న మాట ఆమెకి వినబడేది 45వ సెకనుకి.

మాస్టారు ఆ జవాబు చూసి 36వ సెకనుకే "శభాష్" అన్నారనుకోండి. అది పిల్లకి వినబడేది 61వ సెకనుకి. జవాబు పెట్టి 26 సెకన్లు మౌనంగా కూర్చోవాలి. ప్రశ్న అడిగాక మాస్టారికి మౌనం, జవాబు పెట్టాక పిల్లకి మౌనం. ఒకే ఆలస్యాన్ని ఇద్దరూ వేరువేరు చోట్ల మోస్తున్నారు.

ఇదే పాఠం అతి తక్కువ అమరికలో, 4 సెకన్ల ఆలస్యంతో జరిగితే ప్రశ్న 4వ సెకనుకి వినబడుతుంది, జవాబు 14వ సెకనుకి పెడుతుంది, మాస్టారు 15వ సెకనుకి చూస్తారు. గడువులోపే. ఆయన "శభాష్" 19వ సెకనుకి పిల్ల చెవిన పడుతుంది. మాస్టారికి అదే సలహా ఇచ్చాను. ఆయన ఇంట్లో ఫైబర్ కనెక్షన్, లాప్‌టాప్‌కి తీగతో కలిపి ఉంది. పంపేది నల్లబల్ల, దాని ముందు ఒక మనిషి. 720 సైజు ఆయనకి చాలు. కీఫ్రేమ్ 2 సెకన్లకి ఒకటి పెట్టించాను. కీఫ్రేమ్ అంటే ముందు బొమ్మ సాయం లేకుండా తనంతట తాను పూర్తిగా ఉండే బొమ్మ. వీడియోని ముక్కలు కోయాలంటే అలాంటి చోటే కోయగలరు. అవి దూరం దూరంగా ఉంటే అమరిక ఎంత చిన్నది పెట్టినా ప్రయోజనం తగ్గిపోతుంది. రెండు సెకన్లు మంచిదని, నాలుగు దాటకూడదని యూట్యూబ్ సూచన.

నాలుగైదు రోజులు బాగా నడిచింది. తర్వాత ఇంకో ఫిర్యాదు వచ్చింది, ఈసారి పల్లెల నుంచి మొబైల్ డేటా మీద చూసే పిల్లల నుంచి. పాఠం మాటిమాటికీ ఆగుతోంది. ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ వాళ్లు మిగతావాళ్ల కంటే కాస్త వెనకబడుతున్నారు. పాఠం సగానికి వచ్చేసరికి ఫైబర్ ఉన్న పట్నం పిల్లాడు 4 సెకన్ల వెనక, పల్లె పిల్ల పాతిక సెకన్ల వెనక. చాట్ మాత్రం ఇద్దరికీ ఒకేసారి కనబడుతుంది. ఫలితం ఏమిటంటే, ఆ పిల్లకి ప్రశ్న వినబడకముందే జవాబు చాట్‌లో కనబడిపోతోంది. తరగతిలో వెనక బెంచీకి మాస్టారి గొంతు ఆలస్యంగా చేరుతూ, ముందు బెంచీవాళ్ల జవాబులు మాత్రం వెంటనే వినబడినట్టు. నాకు ఇది చిన్న విషయంగా అనిపించలేదు. ఆ పోటీలో ఆ పిల్ల ఓడిపోతున్నది చదువులో కాదు.

చివరికి ఆయన Low latency దగ్గర స్థిరపడ్డారు. ఆలస్యం ఏడెనిమిది సెకన్లు. పల్లె పిల్లలకి ఆగడం చాలావరకు తగ్గింది. గడువు లెక్క ఆయనే మార్చుకున్నారు. ప్రశ్న చదివి, అదే ప్రశ్నని ఇంకోసారి నెమ్మదిగా చదువుతారు. ఆ రెండో చదువుకి పట్టే పది సెకన్లలో మొదటి చదువు అందరికీ చేరుతుంది. అక్కణ్నుంచి గడువు మొదలు. "శభాష్" అనేటప్పుడు పేరుతో పాటు జవాబు కూడా చదువుతారు, ఎందుకంటే అది చేరేసరికి పిల్లలు ఏ ప్రశ్న గురించో మర్చిపోయి ఉండొచ్చు.

మీరు ఏది పెట్టినా అది మీవాళ్ల దగ్గర ఎంతగా తేలుతోందో కొలవడం తేలిక. సెకన్లు చూపించే గడియారం ఉన్న ఫోన్‌ని కెమెరా ముందు పట్టుకోండి. అవతల చూసేవాళ్లని వీడియోనీ, తమ ఫోన్ గడియారాన్నీ కలిపి ఒక ఫొటో తీసి పంపమనండి. రెండు గడియారాల తేడానే ఆలస్యం. ఫోన్లు సమయాన్ని నెట్‌వర్క్ నుంచే తీసుకుంటాయి కాబట్టి సెకనుకి అటూ ఇటూగా సరిపోతుంది. ఊరు వేరైతే గంటలు తేడా వస్తాయి, నిమిషాలూ సెకన్లూ చూస్తే చాలు. అమెరికాతో అర గంట తేడా కలపడం మర్చిపోవద్దు. కంప్యూటర్‌లో చూసేవాళ్లయితే ఫొటో కూడా అక్కర్లేదు. వీడియో మీద కుడి బటన్ నొక్కి Stats for nerds ఎంచుకుంటే ఒక చిన్న పట్టిక వస్తుంది. అందులో Live Latency ఆలస్యాన్ని, Buffer Health నిలవని సెకన్లలో చూపిస్తాయి. చూడాల్సింది రెండోదాన్నే. అది ఒకటి రెండు దగ్గర ఊగుతూ సున్నాకి తగులుతుంటే గుండ్రం తిరగబోతోందని అర్థం. అప్పుడు ఆలస్యం అంకె చిన్నగా ఉందని సంతోషించడానికి లేదు. ఈ కొలత ఖాళీ హాల్లో మధ్యాహ్నం తీస్తే ఉపయోగం లేదని ఖమ్మం నాకు నేర్పింది. జనం వచ్చాక, మేళం మొదలయ్యాక తీయాలి.

మొన్న మా చెల్లెలి పెళ్లికి మళ్లీ నేనే లైవ్ పెట్టాను. ఈసారి Normal latency. హాలువాళ్ల బ్రాడ్‌బ్యాండ్ నుంచి తీగ లాగించి, 4జీ రూటర్‌ని అవసరానికి పక్కన పెట్టాను. ముందు రోజు అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ముహూర్తానికి పావుగంట ముందు ఫోన్లన్నీ కట్టేయండి. వాట్సాప్ కూడా చూడొద్దు. చాట్ మూసేయండి. టీవీలో మేళం మోగినప్పుడే మీకు మోగినట్టు."

"అయితే అర నిమిషం ఆలస్యంగా వేస్తామన్నమాట."

"వేరే ఫోన్ దగ్గర లేకపోతే అది ఆలస్యమని మీకు తెలిసే దారే లేదు అన్నయ్యా. మధ్యలో ఆగకుండా వస్తుంది, అది చూసే బాధ్యత నాది."

పెద్దమ్మ ఫోన్ తీసుకుంది. "నువ్వు చెప్పింది నాకు పూర్తిగా అర్థం కాలేదుగానీ, తెర దిగడం చూపిస్తావా లేదా?" అంది. చూపిస్తానన్నాను.

ముహూర్తం అయ్యాక ఇరవై ఎనిమిది సెకన్లు లెక్కపెట్టుకుంటూ కంట్రోల్ రూమ్ వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వదిన ఫొటో పంపింది. టీవీలో తెర సగం దిగి ఉంది. పెద్దమ్మ కుడిచెయ్యి గాల్లో ఉంది. అక్షింతలు టీవీకీ ఆవిడకీ మధ్య ఇంకా కింద పడలేదు.